పక్కవారి జీతం, మన పని

ఒడిశాలో కొన్నేళ్ల కిందట 378 మంది కూలీలతో ఒక ప్రయోగం జరిగింది. ఎమిలీ బ్రేజా, సుప్రీత్ కౌర్, యోగితా శ్యామ్‌దాసానీ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దాన్ని చేశారు. పొలం పనులు లేని రోజుల్లో ఉపాధి వెతుక్కునే వాళ్లను చిన్న చిన్న కార్ఖానాల్లో పనికి పెట్టుకున్నారు. తాళ్లు పేనడం, చీపుళ్లు కట్టడం, అగరుబత్తీలు చుట్టడం లాంటి పనులు. ముగ్గురికో జట్టు. జట్టులోని ముగ్గురూ ఒకే వస్తువు తయారుచేస్తారు. ఎన్ని చేశారన్న లెక్కతో సంబంధం లేకుండా రోజుకింత అని కూలి.

మొదట కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి, ఎవరి చేయి ఎంత వేగమో కొలిచారు. ఆ తర్వాత కొన్ని జట్లలో ముగ్గురికీ ఒకే కూలి పెట్టారు. మరికొన్నింట్లో వేగాన్ని బట్టి ఒకరికి కాస్త ఎక్కువ, ఒకరికి మధ్యస్థంగా, ఒకరికి కాస్త తక్కువ ఇచ్చారు. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య తేడా అయిదు శాతం దాటలేదు. ఏ జట్టుకు ఏ పద్ధతి అన్నది చీటీలు తీసినట్టుగా నిర్ణయించారు.

దీనివల్ల ఒక అరుదైన పోలిక దొరికింది. ఒకే వేగం ఉన్న ఇద్దరు మనుషులు, ఒకే పని, చేతికి వచ్చేదీ ఒకే కూలి. ఒకడి జట్టులో మిగతా ఇద్దరికీ అంతే వస్తుంది. రెండోవాడి జట్టులో మిగతా ఇద్దరికీ తనకన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. ఇద్దరి జేబులోకీ వచ్చే డబ్బులో పైసా తేడా లేదు. అయినా పనిలో తేడా వచ్చింది. కూలిలో తేడాలున్న జట్లలో ఉత్పత్తి తగ్గింది, హాజరు కూడా 18 శాతం పాయింట్లు పడిపోయింది. రాకపోతే ఆ రోజు కూలి పోతుంది. పని దొరకడమే కష్టమైన కాలంలో, కూలి అవసరం బాగా ఉన్న మనిషి, పక్కవాడికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తున్నాయన్న బాధతో తన కూలి మొత్తాన్నే వదులుకుని ఇంటి దగ్గర ఉండిపోయాడు.

ఎక్కువ కూలి అందుకున్నవాళ్లు ఆ ఉత్సాహంతో మరింత పనిచేసి ఈ నష్టాన్ని పూడ్చారా అంటే, అదీ జరగలేదు. పైగా చివర్లో జట్టంతా కలిసి చేయాల్సిన పనులు ఇచ్చి, దానికి వేరే డబ్బు ఇస్తామన్నప్పుడు, కూలి తేడాలున్న జట్లు సమాన కూలి జట్లకన్నా వెనకబడ్డాయి. కలిసి చేస్తే తమకే లాభమని తెలిసినా కలవలేకపోయారు.

అయితే ఇదే ప్రయోగంలో ఒక మినహాయింపు ఉంది. ఈ వ్యాసానికి అదే ముఖ్యం. కొన్ని వస్తువుల తయారీలో ఎవరు ఎంత చేశారో పక్కనున్నవాళ్లకు కళ్లముందే తెలిసిపోతుంది. అలాంటి చోట, ఎక్కువ కూలి వచ్చేవాడు నిజంగా ఎక్కువ చేస్తున్నాడని మిగతావాళ్లు చూడగలిగినప్పుడు, అవే కూలి తేడాలు ఏ నష్టమూ చేయలేదు. ఉత్పత్తి తగ్గలేదు, హాజరూ తగ్గలేదు, జట్టు చెడలేదు. మనిషిని పనికి దూరం చేసింది తేడా కాదు. కారణం కనబడని తేడా.

ఆడమ్స్ చెప్పిన లెక్క

ఈ ప్రవర్తనకు సిద్ధాంతరూపం ఇచ్చినవాడు జాన్ స్టేసీ ఆడమ్స్. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పరిశోధకుడిగా ఉంటూ 1963లో ఆయన ప్రచురించిన ప్రతిపాదనే ఈక్విటీ థియరీ. తెలుగులో సమన్యాయ సిద్ధాంతం అనుకోవచ్చు.

ఆయన చెప్పింది ఇది. ఉద్యోగి మనసులో రెండు పద్దులు ఉంటాయి. ఒకటి తాను పెట్టేది: సమయం, శ్రమ, చదువు, అనుభవం, బాధ్యత, ఓర్పు. రెండోది తనకు వచ్చేది: జీతం, హోదా, సెలవులు, గుర్తింపు, మంచి కుర్చీ, పై అధికారి ఇచ్చే గౌరవం. ఉద్యోగి ఈ రెండింటి నిష్పత్తిని చూసుకుంటాడు. ఆ తర్వాత మరొకరి నిష్పత్తితో పోల్చుకుంటాడు. పోల్చేది జీతాన్ని కాదు, నిష్పత్తిని. మన మేనేజరుకు మనకన్నా మూడింతలు వస్తున్నా చాలామందికి బాధ ఉండదు, ఆయన పెట్టేది కూడా ఎక్కువని ఒప్పుకుంటాం కాబట్టి. పక్క టేబుల్ మీద అదే పని చేసే మనిషికి వెయ్యి రూపాయలు ఎక్కువ వస్తే మాత్రం నిద్ర పట్టదు.

రెండు నిష్పత్తులు సరిపోకపోతే మనిషిలో ఒక ఒత్తిడి పుడుతుందనీ, దాన్ని తగ్గించుకునేదాకా ఊరుకోడనీ ఆడమ్స్ అన్నాడు. ఎలా తగ్గించుకుంటాడో చూడాలంటే ఒక లెక్క వేసి చూడాలి.

బిల్లింగ్ కౌంటర్లో ఒక లెక్క

ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ విభాగాన్ని ఊహించుకుందాం. అక్కడ ఆరేళ్లుగా పనిచేస్తున్న ఒకామె ఉంది. జీతం 22,000 రూపాయలు. నెలకు 26 పనిదినాలు, రోజుకు ఎనిమిది గంటల డ్యూటీ. కానీ ఆమె రోజూ రెండు గంటలు అదనంగా ఉంటుంది. ఇన్సూరెన్స్ క్లెయిములు పంపేముందు ప్రతి ఫైలూ ఒకసారి తిరగేస్తుంది. డిశ్చార్జ్ సమ్మరీ మీద డాక్టరు సంతకం ఉందా, ల్యాబ్ రిపోర్టులన్నీ జతచేశారా, బిల్లులో తేదీలు కలుస్తున్నాయా అని చూస్తుంది. ఇది ఆమె ఉద్యోగ నియమావళిలో ఎక్కడా లేదు. ఆమె చూడటం వల్ల క్లెయిములు క్వెరీలు పడకుండా వెళ్లిపోతున్నాయి.

ఈలోగా ఊళ్లో ఈ పనికి గిరాకీ పెరిగింది. తక్కువకు ఎవరూ రావడం లేదని ఆస్పత్రివాళ్లు కొత్త కుర్రాడిని 24,000కు తీసుకున్నారు. అతనికి పని నేర్పే బాధ్యత ఆమెకే అప్పగించారు. రెండు నెలల తర్వాత మాటల్లో మాటగా అతని జీతం ఆమెకు తెలిసింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆమె నెలకు 260 గంటలు పనిచేస్తుంది. గంటకు దాదాపు 85 రూపాయలు పడుతుంది. అతను 208 గంటలు పనిచేస్తాడు. గంటకు 115 రూపాయలకు పైనే. నెల జీతంలో తేడా రెండు వేలే అయినా, గంట లెక్కన చూస్తే తేడా ముప్పై రూపాయలు. ఆరేళ్ల అనుభవాన్నీ, అతనికి పని నేర్పిన శ్రమనూ ఇందులో కలపనే లేదు.

జీతం పెంచుకోవడం ఆమె చేతిలో లేదు. పని తగ్గించుకోవడం ఆమె చేతిలో ఉంది. డ్యూటీ అయిపోగానే బ్యాగు సర్దుకుని వెళ్లిపోవడం మొదలుపెడితే ఆమెకు గంటకు 106 రూపాయలు పడుతుంది. ముప్పైలో ఇరవై ఒక్క రూపాయి అలా పూడింది. ఇన్నాళ్లూ వాడకుండా వదిలేసిన జీతంతో కూడిన సెలవుల్లోంచి నెలకు రెండు రోజులు పెట్టుకుంటే మిగతాది కూడా దాదాపు పూడిపోతుంది. కాగితం మీద ఆమె ఈ లెక్క వేయదు. కానీ మనసు పోయే దారి ఇదే. గొడవ లేదు, ఫిర్యాదు లేదు, నియమం తప్పలేదు.

నష్టం ఎక్కడ కనిపిస్తుందంటే, కొన్ని వారాల తర్వాత, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి తిరిగొచ్చే క్వెరీల్లో. సంతకం లేదు, రిపోర్టు లేదు అంటూ ఫైళ్లు వెనక్కి వస్తుంటాయి. రావలసిన డబ్బు ఆగిపోతుంది. నెలకు రెండు వేలు మిగిలిందనుకున్న యాజమాన్యం అంతకు ఎన్నో రెట్లు ఇరుక్కుపోయిన సంగతి గమనిస్తుంది కానీ, దానికీ కుర్రాడి జీతానికీ ఉన్న ముడి మాత్రం కనిపించదు. పాతవాళ్లు బద్ధకిస్తున్నారన్న మాట దగ్గర విచారణ ఆగిపోతుంది.

పని తగ్గించుకోవడం ఒక్కటే దారి కాదు. ఆడమ్స్ మరికొన్ని చెప్పాడు. ఆమె వెళ్లి జీతం పెంచమని అడగవచ్చు. అతనికి కంప్యూటరు తనకన్నా బాగా వచ్చులే అని మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. అతనితో పోల్చడం మానేసి, పక్క ఆస్పత్రిలో 19,000కు చేస్తున్న స్నేహితురాలితో పోల్చుకుని తృప్తిపడవచ్చు. అతనికి పని నేర్పడం ఆపేసి, అతని మీద బరువు పెరిగేలా చూడవచ్చు. చివరికి ఉద్యోగమే మానేయవచ్చు. ఎవరు ఏ దారి పడతారన్నది దేనికి ఖర్చు తక్కువ అన్నదాన్ని బట్టి ఉంటుంది. వేరే చోట సులభంగా ఉద్యోగం దొరికే మనిషి మానేస్తాడు. ఇంటి పరిస్థితుల వల్ల కదలలేని మనిషి ఉద్యోగంలోనే ఉంటూ మనసు వెనక్కి తీసుకుంటాడు. అందుకే ఉద్యోగాలు దొరకని ఊళ్లో ఎవరూ మానేయడం లేదు కాబట్టి అందరూ తృప్తిగా ఉన్నారనుకుంటే పొరపాటు.

జీతం కోసినప్పుడు తేల్చింది గంటన్నర సమావేశం

జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో ప్రచురించిన అధ్యయనం ఈ సిద్ధాంతంలో కారణం చెప్పడం అనే అంశానికి ఎంత బరువుందో చూపించింది. అమెరికాలో ఒకే కంపెనీకి చెందిన మూడు ఫ్యాక్టరీలు. పెద్ద కాంట్రాక్టులు పోవడంతో రెండు ఫ్యాక్టరీల్లో పది వారాలపాటు అందరి జీతాలూ 15 శాతం తగ్గించారు. మూడోదాంట్లో తగ్గించలేదు.

మొదటి ఫ్యాక్టరీలో కంపెనీ అధ్యక్షుడే వచ్చి గంటన్నరపాటు కార్మికులతో కూర్చున్నాడు. ఎంత ఆదాయం పోయిందో లెక్కలు చూపించాడు. ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయకుండా ఉండటానికే ఈ కోత అని వివరించాడు. విచారం వ్యక్తం చేశాడు. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చాడు. రెండో ఫ్యాక్టరీలో ఒక ఉపాధ్యక్షుడు పావుగంటలో కోత సంగతి చెప్పి, కాంట్రాక్టులు పోయాయని పైపైన అని, వెళ్లిపోయాడు.

ఆ పది వారాల్లో ఫ్యాక్టరీల నుంచి పనిముట్లు, సామాన్లు ఎంత మాయమయ్యాయో గ్రీన్‌బర్గ్ లెక్కగట్టాడు. అంతకుముందు మూడుచోట్లా అది మూడు శాతం దరిదాపుల్లో ఉండేది. పావుగంటలో చెప్పి వెళ్లిన చోట రెట్టింపు దాటింది. గంటన్నర వివరించిన చోట కూడా పెరిగింది కానీ చాలా తక్కువ. ఉద్యోగం మానేసినవాళ్లు కూడా రెండో ఫ్యాక్టరీలోనే ఎక్కువ. జీతాలు మళ్లీ మామూలయ్యాక దొంగతనాలు కూడా మామూలు స్థాయికి దిగిపోయాయి.

అంతవరకూ నిజాయితీగా ఉన్న మనుషులు పది వారాలు దొంగలై, మళ్లీ మంచివాళ్లైపోయారంటే నమ్మలేం. ఆ మనుషులు తమకు రావలసినది వేరే దారిలో వసూలు చేసుకున్నారు. ఆడమ్స్ చెప్పిన లెక్క సరిచేసుకోవడమే ఇది. కోత రెండుచోట్లా సమానమే. మనిషికి ఇచ్చిన మర్యాద, చెప్పిన కారణం మాత్రమే వేరు.

డబ్బు లేకపోయినా తూకమే

న్యాయం తప్పడానికి జీతంలోనే తేడా రానక్కర్లేదు. గ్రీన్‌బర్గ్ అంతకు రెండేళ్ల ముందు, 1988లో, ఒక బీమా కంపెనీలో ఈ సంగతి చూపించాడు. ఆఫీసు మరమ్మతుల కోసం ఉద్యోగులను రెండు వారాలు వేరే గదుల్లో కూర్చోబెట్టారు. కొందరికి తమకన్నా పై హోదావాళ్ల గదులు వచ్చాయి, కొందరికి తమ స్థాయివే, మరికొందరికి కింది హోదావాళ్లవి. ఎవరి జీతమూ మారలేదు. అయినా పెద్ద గది దొరికినవాళ్ల పని పెరిగింది. చిన్న గదిలో పడినవాళ్ల పని తగ్గింది. తమ గదులకు తిరిగి వెళ్లాక అందరి పనీ యథాస్థితికి వచ్చింది.

మన ఆఫీసుల్లో గదులకన్నా ఎక్కువగా తూకం తప్పేది పనిభారంలో. ప్రభుత్వ కార్యాలయంలోనైనా, ప్రైవేటు బడిలోనైనా ఒక మాట వినబడుతుంది: చేసేవాడికే పని చెబుతారు. అర్జెంటు రిపోర్టు కావాలంటే అధికారికి గుర్తొచ్చేది చకచకా చేసే మనిషి. చేయడని పేరుపడ్డవాడిని ఎవరూ అడగరు. నెల తిరిగేసరికి ఇద్దరి జీతమూ ఒకటే, ఇంక్రిమెంటూ ఒకటే. చేసేవాడికి తన సామర్థ్యం వల్ల దక్కింది అదనపు ఫైళ్లే. ఇలాంటి చోట బాగా పనిచేసే మనిషి నెమ్మదిగా రెండో మనిషిలా తయారవుతాడు. అతనికి పని రాకపోవడం కాదు, త్వరగా ముగిస్తే మరొకటి నెత్తిన పడుతుందని తెలుసు కాబట్టి మధ్యాహ్నానికి అయ్యేదాన్ని సాయంత్రానికి ఇస్తాడు.

దీన్ని ముందే పసిగట్టడానికి గుర్తులున్నాయి. నియమం ప్రకారం చేయాల్సిన పనిలో లోటు మొదట కనిపించదు. ఎవరూ అడగకుండా చేసే పనులు ముందు ఆగిపోతాయి. కొత్తవాళ్లకు నేర్పడం, పక్కవాళ్ల తప్పు సరిదిద్దడం, రాబోయే ఇబ్బందిని ముందే చెప్పడం. సమావేశాల్లో మాట్లాడే మనిషి మౌనంగా కూర్చుంటాడు. ఆ తర్వాత చిన్న చిన్న సెలవులు పెరుగుతాయి. ఒకరిద్దరిలో కాక, ఒక ఘటన తర్వాత ఒకే స్థాయిలోని పలువురిలో ఇది కనిపిస్తే, సమస్య మనుషుల స్వభావంలో లేదు, పంపకంలో ఉంది.

ఈ సిద్ధాంతం ఎక్కడ ఆగిపోతుంది

ఆడమ్స్ లెక్కలో ఒక సగం గట్టిది, మరో సగం బలహీనం. తక్కువ వచ్చిందనుకున్న మనిషి పని తగ్గిస్తాడన్నది పదేపదే రుజువైంది. తనకు ఎక్కువ వస్తోందనుకున్న మనిషి పని పెంచుతాడన్నది అంతగా నిలబడలేదు. ఆడమ్స్ తన ప్రయోగాల్లో కొందరితో మీకు ఈ పనికి తగిన అర్హత లేదు, అయినా పూర్తి వేతనం ఇస్తున్నాం అని చెప్పించాడు. వాళ్లు ఎక్కువ పనిచేశారు. కానీ అది న్యాయం కోసమా, అర్హత లేదన్న మాటకు పౌరుషం వచ్చి నిరూపించుకోవాలనా అని తర్వాతి పరిశోధకులు ప్రశ్నించారు. నిజజీవితంలో ఎక్కువ వచ్చినవాడు త్వరలోనే తన అర్హత కూడా అంతేనని నమ్మడం మొదలుపెడతాడు.

రెండో పరిమితి, మనం పెట్టేదాన్ని మనమే తూచుకుంటాం. మన శ్రమ మనకు పూర్తిగా గుర్తుంటుంది, పక్కవాళ్లది కనిపించినంతే తెలుస్తుంది. 1979లో మైకేల్ రాస్, ఫియోరె సికోలీ భార్యాభర్తలను విడివిడిగా అడిగారు, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని. ఇద్దరు చెప్పిన వాటాలూ కలిపితే ఎక్కువ జంటల్లో మొత్తం నూటిని దాటిపోయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆఫీసులోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి అన్యాయం జరిగిందన్న భావన ఉన్న ప్రతిచోటా అన్యాయం ఉండకపోవచ్చు. కానీ ఆ భావన ఉన్న ప్రతిచోటా పని మీద దాని ప్రభావం ఉంటుంది. అధికారి పట్టించుకోవాల్సింది అందుకే.

వివరణ సరిపోని చోట

జీతాలు రహస్యంగా ఉంచితే ఈ తలనొప్పి ఉండదని చాలా యాజమాన్యాలు అనుకుంటాయి. రహస్యం నిలవదు. నిలిచినన్నాళ్లూ మనుషులు ఊహలతో పోల్చుకుంటారు. ఒడిశా కూలీల అనుభవం దీనికి విరుద్ధమైన దారి చూపిస్తుంది: తేడా ఉండొచ్చు, కానీ దాని ఆధారం అందరికీ కనబడాలి. బిల్లింగ్ కౌంటర్ లెక్కలో కొత్తవారిని ఎక్కువకు తీసుకోవలసి వస్తే, అదే వారంలో పాతవారి జీతం చూసి సరిచేయాలి. ఒకేసారి సరిచేయలేకపోతే ఎప్పటికి చేస్తారో తేదీతో చెప్పాలి. ఆమె అదనంగా చూస్తున్న ఫైళ్లను ఆమె పనిగా గుర్తించి, లెక్కలో రాయాలి. పనిభారం విషయంలో ఎవరి దగ్గర ఎన్ని ఫైళ్లున్నాయో గోడ మీద రాసిపెట్టడం చిన్న పనే, కానీ చేసేవాడికే పని చెప్పే అలవాటును అది అధికారి కంటికే చూపిస్తుంది.

ఉద్యోగి వైపు నుంచి కూడా ఒక పని ఉంది. నాకు తక్కువ ఇస్తున్నారు అన్న మాటకన్నా, నేను ఇవి చేస్తున్నాను, ఈ పనికి ఇంత ఇస్తున్నారు, తేడాకు కారణం చెప్పండి అన్న మాటకు బలం ఎక్కువ. అలా రాసుకుంటే పోల్చుకున్న మనిషి చేస్తున్నదేమిటో కూడా కనబడుతుంది. ఒక్కోసారి కోపం తగ్గుతుంది, ఒక్కోసారి వాదన గట్టిపడుతుంది.

అయితే ఎంత ఓపికగా వివరించినా నిలబడని తేడాలు కొన్ని ఉన్నాయి. ఒకే కార్యాలయంలో ఒకే పని, ఒకే బాధ్యత, కానీ ఒకరు రెగ్యులర్, మరొకరు ఔట్‌సోర్సింగ్. సమాన పనికి సమాన వేతనం అన్న నినాదం తెలుగు రాష్ట్రాల్లో ధర్నాల దగ్గర దశాబ్దాలుగా వినిపిస్తోంది. పంజాబ్ ప్రభుత్వానికీ తాత్కాలిక ఉద్యోగులకూ మధ్య నడిచిన జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఈ సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పని చేస్తున్నట్టు తేలితే, కనీసం ఆ పోస్టు పే స్కేలులో అడుగున ఉన్న వేతనమైనా ఇవ్వాలని చెప్పింది.

జగ్జీత్ సింగ్ కేసులో న్యాయస్థానం చట్టం వైపు నుంచి చెప్పిందీ, ఒడిశాలో తాళ్లు పేనిన కూలీలు తమ హాజరుతో చెప్పిందీ దాదాపు ఒకటే. గంటన్నర కూర్చుని కారణం చెప్పడం మంచి యాజమాన్యం లక్షణం. కానీ చెప్పడానికి కారణమంటూ ఉండాలి. తక్కువ జీతం అందుకునే మనిషి ఎదురుగా కూర్చుని, ఆ మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పగలిగిన కారణం లేకపోతే, సరిచేయాల్సింది వివరణను కాదు, జీతాన్ని.